చెత్త కుప్పను నాలుగు చేసినప్పుడు ఒక పావులో రజను 19 శాతం, ఎదుటి పావులో 11 శాతం ఎందుకు వస్తుంది?

ప్రశ్న: పట్టణం చెత్తలో ఏ రకం ఎంత ఉందో కొలుస్తున్నాం. ఒక లారీ నుంచి దాదాపు 400 కిలోలు తీసి, టార్పాలిన్ మీద కుప్ప పోసి, నాలుగు భాగాలు చేసి, ఒక పావు ఏరాం. మట్టి, బూడిద లాంటి రజను 19 శాతం వచ్చింది. అనుమానం వచ్చి ఎదుటి పావు కూడా ఏరితే 11 శాతమే ఉంది. ఏది నమ్మాలి? ఎక్కడ తప్పాం?

జవాబు:

రెండింటిలో ఏ ఒక్కదాన్నీ విడిగా నమ్మకండి. రెండు పావుల బరువులూ కలిపి, రెండింటిలోని రజనూ కలిపి లెక్క కట్టండి. వచ్చే అంకె అసలు విలువకు చాలా దగ్గరగా ఉంటుంది. మీ కుప్ప కొన టార్పాలిన్ మీద మీరు గీసిన అడ్డగీతలు కలిసే చోట లేదు, మొదటి పావు వైపు జరిగింది. తప్పు దాదాపుగా అక్కడే జరిగి ఉంటుంది. ఇంత ధీమాగా ఎందుకు చెబుతున్నానో వివరిస్తే, తరువాతి లారీకి ఏం చేయాలో కూడా దానిలోనే తెలుస్తుంది.

ముందుగా ఇది యాదృచ్ఛికమైన తేడా కాదని గుర్తించాలి. నమూనాలో ఒక రకం వస్తువులు ఎన్ని ఉన్నాయో ఆ సంఖ్యకు వర్గమూలం తీసి, 1ని దానితో భాగిస్తే, కేవలం అదృష్టం వల్ల ఆ రకం శాతంలో ఎంత ఊగిసలాట రావచ్చో స్థూలంగా తెలుస్తుంది. 10 మిల్లీమీటర్ల జల్లెడ దాటే రజనులో అతి పెద్ద మట్టి గడ్డ కూడా ఒక గ్రాముకు అటూ ఇటూగా తూగుతుంది, మిగిలినవి అంతకంటే చాలా తేలిక. 100 కిలోల పావులో 15 కిలోల రజను ఉంటే అది తక్కువలో తక్కువ 15,000 రేణువులు. అదృష్టం వల్ల రాగల తేడా ఆ 15 శాతంలో నూరో వంతు కూడా ఉండదు. రేణువులు ముద్దలుగా అంటుకుని ఉంటే ఇది కొంత పెరుగుతుంది కానీ, 19కీ 11కీ మధ్య ఉన్నంత దూరం అలా రాదు. కాబట్టి ఆ తేడా మీరు కుప్ప పోసిన తీరు వల్ల వచ్చిందే. అందుకే నేను ఏ బృందం పని పరిశీలించినా మొదట రజను అంకెలే అడుగుతాను. సీసాలు, చెప్పులు చెప్పలేని సంగతిని రజను చెప్పేస్తుంది.

ఈ పద్ధతి గురించి చాలామందిలో ఒక అపోహ ఉంది. కుప్ప పోస్తే చెత్త కలుస్తుందని, కలిసిన దాన్ని నాలుగు చేస్తే నాలుగూ ఒకేలా ఉంటాయని అనుకుంటారు. నిజానికి కుప్ప పోయడం వల్ల చెత్త కలవదు, విడిపోతుంది. పారతో కొన మీద జారవిడిచినప్పుడు సన్నని రజను పడ్డచోటే సందుల్లోకి దిగి, కొన నుంచి నేల దాకా నిలువుగా ఒక స్తంభంలా పేరుకుంటుంది. గుండ్రని, గట్టి వస్తువులు వాలు మీద దొర్లి అంచుకు చేరతాయి. పల్చని కవర్లు, గుడ్డలు నడుమ ఎక్కడో చిక్కుకుంటాయి. గింజల రాశి పోసినప్పుడు పెళ్ల రాళ్లు అంచున తేలడం చూసినవారికి ఇది కొత్త కాదు. ఈ విడిపోవడాన్ని ఆపడం మన చేతిలో లేదు. మనం చేయగలిగిందల్లా అది కొన చుట్టూ అన్ని వైపులా సమానంగా జరిగేట్టు చూడడం. అప్పుడు గీతలు సరిగ్గా కొన గుండా పోతే ప్రతి పావుకూ నడిమి రజనులోనూ, అంచు వస్తువుల్లోనూ సమానమైన వాటా వస్తుంది. ఈ పద్ధతికి ఉన్న ఆధారమంతా ఆ సౌష్ఠవమే. కొన ఒక పక్కకు జరిగితే నడిమి స్తంభంలో ఎక్కువ భాగం ఒక పావుకు పోతుంది, దాని ఎదుటి పావుకు అంచు సరుకే మిగులుతుంది.

నేను ఒకసారి కావాలనే నాలుగు పావుల్నీ విడివిడిగా జల్లించి తూచాను. లారీ చెత్త నుంచి తీసింది 406 కిలోలు. కూలీలు ఇద్దరూ ఒకే పక్క నిలబడి పోశారు, నేను ఆపలేదు. వరుసగా పావులకు అ, ఆ, ఇ, ఈ అని పేర్లు పెట్టుకుంటే, అ ఎదురుగా ఇ, ఆ ఎదురుగా ఈ వస్తాయి. అ పావు 106 కిలోలు, అందులో రజను 21.2 కిలోలు, అంటే 20 శాతం. ఆ పావు 99 కిలోలు, రజను 13.4 కిలోలు, 13.5 శాతం. ఇ పావు 94 కిలోలు, రజను 9.9 కిలోలు, 10.5 శాతం. ఈ పావు 107 కిలోలు, రజను 17.1 కిలోలు, 16 శాతం. మొత్తం మీద రజను 61.6 కిలోలు, అంటే 15.2 శాతం. ఇప్పుడు ఎదురెదురు పావులు కలిపి చూడండి: అ, ఇ కలిపితే 15.6 శాతం, ఆ, ఈ కలిపితే 14.8 శాతం. ఏ జత తీసుకున్నా అసలు అంకెకు అర శాతం లోపు ఉన్నాం. అదే పక్కపక్కన ఉన్న అ, ఈ పావుల్ని కలిపి ఉంటే 18 శాతం, ఆ, ఇ కలిపి ఉంటే 12.1 శాతం వచ్చేది. కొన జరగడం వల్ల ఒక పావుకు ఎంత ఎక్కువ పోయిందో దాదాపు అంతే ఎదుటి పావుకు తగ్గుతుంది కాబట్టి, ఎదురెదురు పావుల జత ఆ లోపాన్ని తనలో తానే సరిచేసుకుంటుంది. ఎదురెదురు పావులే తీసుకోవాలన్న నియమం ఆచారంగా వచ్చింది కాదు, దాని వెనుక ఉన్న లెక్క ఇదే.

పావుల బరువులు కూడా గమనించండి. అతి బరువైన పావుకూ అతి తేలికైన పావుకూ మధ్య తేడా 13 కిలోలే. దూరం నుంచి చూస్తే నాలుగూ సమానంగానే కనిపించాయి. కూర్పులో మాత్రం రజను ఒకదానిలో రెండింతలు ఉంది. అందువల్ల బరువులు సరిపోయాయి గనుక పని సవ్యంగా జరిగిందని తేల్చుకోకూడదు. బరువులు సరిపోకపోతే తప్పు జరిగిందని చెప్పవచ్చు, సరిపోతే ఏమీ చెప్పలేం.

మీరు ఒకే పావు తీసుకోవడం నియమ విరుద్ధమని నేను అనడం లేదు. చెత్త కూర్పు కొలవడానికి చాలామంది అనుసరించే అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం డి5231లోనే, ఏరవలసిన నమూనాకు కనీసం నాలుగు రెట్లు లారీ చెత్త నుంచి తీసి, కలిపి, కుప్ప పోసి, నాలుగు చేసి, ఒక పావును యాదృచ్ఛికంగా గానీ ముందే ఒప్పుకున్న వరుసలో గానీ ఎంచుకోమని ఉంది. ఏరే నమూనా 91 నుంచి 136 కిలోల మధ్య ఉండాలని కూడా అదే చెబుతుంది. అలా యాదృచ్ఛికంగా ఎంచుకుంటే చాలా లారీల మీద తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి గానీ, ఒక్కొక్క లారీ అంకె మాత్రం మీకు కనిపించినట్లే ఊగుతుంది. ఒక పావుకు బదులు ఎదురెదురు జతను తీసుకుని, ఆ 200 కిలోలను రెండోసారి కుప్ప పోసి మళ్లీ జత తీసుకుంటే అదే 100 కిలోలకు చేరతాం. పని అరగంట పెరుగుతుంది, ఊగిసలాట బాగా తగ్గుతుంది. నా ఓటు దీనికే.

అయితే ఎదురెదురు జత సరిచేయలేని లోపం ఒకటి ఉంది, దాన్ని గుర్తించడం కొంచెం కష్టం. కుప్ప గుండ్రంగా కాక కట్టలాగా పొడుగ్గా సాగిందనుకోండి. అప్పుడు రజను ఒకచోట కాకుండా ఆ కట్ట వెన్ను పొడుగునా పేరుకుంటుంది. ఆ వెన్ను అ పావు నుంచి ఇ పావుకు మూలగా పోతుంటే, అ, ఇ రెండింట్లోనూ రజను పెరుగుతుంది, ఆ, ఈ రెండింట్లోనూ తగ్గుతుంది. ఏ జత తీసుకున్నా తప్పే. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి పోసినప్పుడు, లేదా టార్పాలిన్ వాలు నేల మీద ఉండి చెత్త పల్లానికి జారినప్పుడు ఇలా అవుతుంది. కుప్ప పొడుగు, వెడల్పు ఒక తాడుతో కొలిస్తే ఇట్టే తెలిసిపోతుంది. తేడా పదో వంతు దాటితే తిరిగి పోయడం మంచిది. తిరిగి పోసే వీలు లేకపోతే, అడ్డగీతల్లో ఒకదాన్ని సరిగ్గా ఆ వెన్ను మీదుగా పోయేట్టు తిప్పి వేయండి. అప్పుడు నాలుగు పావులకూ వెన్నులో సమాన వాటా వస్తుంది. వాలు మీద సాగిన కుప్పకు ఈ ఉపాయం పూర్తిగా పనిచేయదు, ఎందుకంటే పల్లం వైపు అంచున గుండ్రని వస్తువులు అదనంగా చేరి ఉంటాయి. అక్కడ మళ్లీ ఎదురెదురు జతే దిక్కు.

ఇక పోసే విధానం. 400 కిలోల వదులు చెత్త సుమారు ఒకటిన్నర ఘనమీటర్లు ఉంటుంది. అది రెండున్నర మీటర్ల అడుగుతో, మీటరుకు కాస్త తక్కువ ఎత్తున్న కుప్ప అవుతుంది; చదును చేస్తే మూడు మీటర్లు దాటి పరుచుకుంటుంది. చుట్టూ మనిషి నడవాలి కాబట్టి 6 మీటర్ల చదరపు టార్పాలిన్ కావాలి. అలాంటివి రెండు ఉండాలి, ఎందుకంటే రెండో విడత కుప్పను కొత్త టార్పాలిన్ మీద పోస్తాం. రెండింటి మీదా ముందే రంగుతో నడిమి చుక్క, దాని గుండా రెండు అడ్డగీతలు గీయించండి. చదునైన గట్టి నేల చూసుకోండి. మూడు కర్రలు ముక్కాలిలా కట్టి, నడిమి చుక్క మీదికి ఒక బరువు వేలాడే తాడు దింపితే పోసేవారికి గురి దొరుకుతుంది. వినడానికి చాదస్తంగా ఉంటుంది గానీ, ఆ తాడు లేకుండా 100 పారలు ఒకేచోట పోయగల మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. పోసేవారు ఒకచోట నిలబడకుండా, ఒక్కో పారకు కొంచెం కొంచెంగా కుప్ప చుట్టూ తిరగాలి. పారను కొనకు దగ్గరగా తెచ్చి నెమ్మదిగా జారవిడవాలి. దూరం నుంచి విసిరితే బరువైనవన్నీ అవతలి వాలుకు పోతాయి.

అన్నిటికంటే ముందు, కట్టిన సంచులన్నీ విప్పి ఉండాలి. మూతి కట్టిన 5 కిలోల సంచి ఈ పద్ధతి దృష్టిలో ఒకే ఒక పెద్ద వస్తువు. 100 కిలోల నమూనాలో అలాంటివి ఇరవైకి మించి పట్టవు, ఆ ఇరవైలో ఎవరి ఇంటి సంచి పడిందన్న దాని మీద కూర్పంతా మారిపోతుంది. సంచిని పొడుగునా చీల్చి, దులిపి, ఖాళీ సంచిని కూడా చెత్తలోనే వదలాలి. ఈ పని పళ్ల పారతోనూ, కొక్కెం కత్తితోనూ చేయించండి, సూదులు, గాజు పెంకులు ఉంటాయి కాబట్టి చేతులు లోపల పెట్టనివ్వకండి.

పెద్ద వస్తువుల్ని కుప్పలో వేయకూడదు. పరుపు, టైరు, కొమ్మల మోపు లాంటివి వాలు ఆకారాన్నే చెడగొడతాయి, పైగా ఒక్కటే ఉన్నదాన్ని నాలుగు చేయడం ఎలాగూ కుదరదు. వాటిని ముందే పక్కకు తీసి, తూచి, చివర్లో లెక్కలో కలపాలి. ఉదాహరణకు 420 కిలోలు తీసుకున్నప్పుడు అందులో 14 కిలోల పరుపు ఒకటి ఉంటే, కుప్ప పోసేది 406 కిలోలు. ఏరిన తరువాత వచ్చిన ప్రతి శాతాన్నీ 406తో హెచ్చవేసి 420తో భాగిస్తే, పరుపు తాలూకు 3.3 శాతానికి చోటు దొరుకుతుంది. రజను 15.2 శాతం అయితే అది 14.7 అవుతుంది.

కుప్ప పూర్తయ్యాక కొన మీద ఒక పలక పెట్టి నొక్కుతూ, పార వెనుక వైపుతో అన్ని దిక్కులకూ సమానంగా తోస్తూ 20 సెంటీమీటర్ల మందానికి చదును చేయాలి. ఒక దిక్కుకే లాగితే ఇంత శ్రమపడి సాధించిన సౌష్ఠవం అక్కడే పోతుంది. తరువాత టార్పాలిన్ అంచుల్లో కనిపించే రంగు గీతలకు సూటిగా రెండు తాళ్లు లాగి కట్టి, వాటి వెంట పార దింపి కోయాలి.

గీత మీద పడ్డ వస్తువుల దగ్గర వాదనలు మొదలవుతాయి. చీర ముక్కలాంటి పొడుగాటి గుడ్డ రెండు పావుల్లోనూ ఉంటుంది, దాన్ని ఎవరు తీసుకోవాలి? వస్తువు నడిమి భాగం ఏ పావులో ఉంటే ఆ వస్తువు మొత్తం ఆ పావుదే అన్న నియమాన్ని పని మొదలుకాకముందే చెప్పేయండి. నియమం ఏదైనా సరే, వస్తువును చూశాక నిర్ణయించడం మాత్రం కూడదు, ఎందుకంటే తడి గుడ్డను ఎవరూ తమ పావులోకి రానివ్వరు. గుడ్డను జరజరా లాగితే దానితోపాటు రజను కూడా ఒక పావు నుంచి మరో పావుకు పోతుంది, అందువల్ల పైకెత్తి, అది ఉన్నచోటే దులిపి తీయాలి.

ఏ జతను ఉంచుకోవాలో కోసిన తరువాత నాణెం ఎగరేసి తేల్చండి. ఏరేవారిని ఎంచుకోమంటే వాసన తక్కువున్న జతను ఎంచుకుంటారు. అది వారి తప్పు కాదు.

పారేసే జతను ఎత్తేటప్పుడు జరిగే పొరపాటు గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఇది కూడా రజను అంకెనే తినేస్తుంది. పారతో ఎత్తినంత వరకు ఎత్తి ఊరుకుంటే టార్పాలిన్ మీద వేలెడు మందాన మట్టి, బూడిద మిగిలిపోతాయి. పారేసే పావుల కింద మిగిలిన రజను పారేయవలసిందే, ఉంచుకునే పావుల కింద ఉన్నది ఉంచుకోవలసిందే. పారేసే పావుల చోటును చీపురుతో గీత వరకు పూర్తిగా ఊడ్చి, ఆ ఊడ్చిన దాన్ని కూడా పారేశాకే మిగిలిన జతను ముట్టుకోవాలి. అలా చేయకుండా చివర్లో టార్పాలిన్ అంతా ఒకేసారి ఊడ్చి నమూనాలో కలిపితే రజను పెరుగుతుంది, అసలు ఊడ్వకపోతే తగ్గుతుంది. ఒక బృందానికి ప్రతి లారీలోనూ రజను 8 శాతం దాటకపోవడం చూసి వెళ్తే, టార్పాలిన్‌ను పని అయ్యాక బయట దులుపుతున్నారని తెలిసింది. దులిపిన చోట నేల రంగే మారిపోయి ఉంది.

తడి చెత్త అయితే టార్పాలిన్‌కు అంటుకునే ఊట నీరు కూడా బరువే. పనికి ముందూ తరువాతా టార్పాలిన్‌ను కాటా మీద పెడితే ఎంత పోయిందో తెలుస్తుంది. ఏరిన రకాలన్నిటి బరువూ కూడితే నమూనా బరువుకు 2, 3 శాతం తక్కువ రావడం మామూలే, ఆవిరి వల్ల, ధూళి వల్ల అంత పోతుంది. అంతకు మించి తగ్గితే ఏదో రకం తూచడం మరచిపోయారని, లేదా రజను ఎక్కడో మిగిలిందని వెతకాలి. శాతాలను ఎప్పుడూ ఏరిన మొత్తం మీదే కట్టండి. ఆలస్యమయ్యేకొద్దీ తిండి పదార్థాల తడిని కాగితం, అట్టలు పీల్చుకుంటాయి కాబట్టి, పోసిన గంట, రెండు గంటల్లో ఏరడం మొదలుపెట్టకపోతే కాగితం శాతం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది.

బాగా తడిసి, కవర్లు, గుడ్డలు పెనవేసుకున్న చెత్త అసలు కుప్పగా నిలబడదు, గోడలా నిలుస్తుంది లేదా ముద్దగా కూలిపోతుంది. వాలే లేనప్పుడు పైన చెప్పిన తర్కం ఏదీ వర్తించదు. అలాంటప్పుడు నేను నాలుగు చేయడం మానేసి, ఒక్కో పారను వంతులవారీగా నాలుగు చిన్న కుప్పలకు పంచుతాను: మొదటి పార మొదటి కుప్పకు, రెండోది రెండో కుప్పకు, అయిదోది మళ్లీ మొదటిదానికి. పారకు 4 కిలోల చొప్పున 400 కిలోలు 100 పారలు అవుతాయి, ఒక్కో కుప్పకు 25 ముక్కలు చెత్త నలుమూలల నుంచీ వచ్చి చేరతాయి. తరువాత చీటీ తీసి ఒక కుప్పను ఉంచుకోవాలి. నిజం చెప్పాలంటే పొడి చెత్తకు కూడా ఇది తీసిపోదు. టార్పాలిన్ మూలలు పట్టుకుని అటూ ఇటూ దొర్లించి కలపమని కొందరు చెబుతారు గానీ, 100 కిలోల పట్టణ చెత్త విషయంలో దాన్ని సలహా ఇవ్వను. కవర్లు ఉండలు చుట్టుకుంటాయి, రజను అడుగున జారి అక్కడే ఉండిపోతుంది. ప్రయోగశాలకు పంపడానికి 15 కిలోల రజనును కిలోకు తగ్గించేటప్పుడైతే అది చక్కగా పనిచేస్తుంది.

ఇంత శ్రద్ధగా చేసినా ఈ పద్ధతి ఇవ్వలేనివి ఉన్నాయి. గాజు 3 శాతం ఉందనుకుంటే 100 కిలోల నమూనాలో అది 3 కిలోలు. సీసా 300 గ్రాములు తూగితే పదే సీసాలు. పదికి వర్గమూలం 3.16, అంటే అదృష్టం వల్లనే గాజు అంకె మూడో వంతు అటూ ఇటూ ఊగుతుంది. ఒక లారీలో 2 శాతం, మరో లారీలో 4 శాతం వచ్చిందని కుప్ప పోసేవారిని తప్పుపట్టడం అన్యాయం. దానికి మందు లారీల సంఖ్య పెంచడమే. తొలి విడత లారీల్లో రజను సగటు 15 శాతం, లారీకీ లారీకీ ప్రామాణిక విచలనం 4 అని తేలితే, 90 శాతం నమ్మకంతో సగటును పదో వంతు లోపు పట్టుకోవడానికి పైన చెప్పిన ప్రమాణంలోని సూత్రం కింది విధంగా పనిచేస్తుంది. ఇందులో n కావలసిన లారీల సంఖ్య, s విచలనం, x సగటు, e ఒప్పుకునే తప్పు, t నమ్మకం స్థాయిని బట్టి పట్టికలో చూసుకునే విలువ:

```
n = (t × s / (e × x))²
  = (1.645 × 4 / (0.10 × 15))² ≈ 19.2
```

చిన్న నమూనాల సంఖ్యకు తగిన t విలువ, 1.72, వేసి మళ్లీ కడితే 22 లారీలు కావాలి. అదే గాజుకు సగటు 3, విచలనం 2 అయితే మొదటి లెక్కలోనే 120 లారీలు దాటుతుంది. అన్ని లారీలు ఎవరూ ఏరలేరు. గాజు విషయంలో పావు వంతు తప్పును ఒప్పుకుంటే మళ్లీ 20 ప్రాంతానికే వస్తాం. ఏ రకానికి ఎంత తప్పు భరించగలరో ముందే రాసిపెట్టుకోండి.

ఇక మీ చేతిలో ఉన్న పాత అంకెల సంగతి. ఈ లారీకి రెండు పావులనూ కలిపి నమోదు చేయండి, పావులు రెండూ దాదాపు ఒకే బరువైతే రజను 15 శాతం దగ్గర తేలుతుంది. మిగిలిన లారీలకు ఒక్కో పావే ఏరి ఉంటే, రెండు విషయాలు గుర్తు తెచ్చుకోవాలి: పోసేవారు ఎప్పుడూ ఒకే పక్క నిలబడ్డారా, మీరు ఎప్పుడూ ఒకే మూల పావునే తీసుకున్నారా? రెండింటికీ అవునన్నది సమాధానమైతే తప్పు ఎప్పుడూ ఒకే దిశలో పడింది, 20 లారీలు ఏరినా అది సగటులో కరిగిపోదు, ఆ లారీల రజను అంకెలను వాడకపోవడమే మేలు. ఏ ఒక్కటి మారుతూ వచ్చినా అంకెలను ఉంచుకోవచ్చు, ఊగిసలాట ఎక్కువని మాత్రం పక్కన రాయండి. తరువాతి లారీకి తాడు వేలాడదీసి, చుట్టూ తిరుగుతూ పోసి, నాలుగు పావుల్నీ పూర్తిగా ఏరకుండా 10 మిల్లీమీటర్ల జల్లెడ మీద రజను మాత్రం వేరుచేసి తూచండి. నలుగురు ఉంటే పూట పడుతుంది. రెండు జతల మధ్య రజను తేడా ఒక శాతం లోపు ఉంటే అదే మనుషులతో, అదే తీరున కొనసాగించండి. రెండు శాతం దాటితే కుప్ప పొడుగు, వెడల్పు కొలిచి చూడండి.